పాట పంక్తికి అరబిక్ అనువాదం: పోస్టర్ మీద, వీడియో ఫ్రేమ్‌లో పాడదగినదా, అర్థానికి కట్టుబడినదా?

తెలుగు పాటకు లిరికల్ వీడియో చేసేవారికి, గల్ఫ్ దేశాల్లో తెలుగు సంఘాల కార్యక్రమాలకు పోస్టర్లు తయారుచేసేవారికి ఒక చిక్కు తరచూ ఎదురవుతుంది. తెలుగు పంక్తి కింద అరబిక్‌లోనూ ఒక పంక్తి ఉండాలని నిర్వాహకులు కోరతారు. అనువాదకుణ్ణి అడిగితే ఆయన రెండు రూపాలు పంపుతారు. మొదటిది అర్థాన్ని విడవకుండా చెబుతుంది కానీ బాణీలో ఇమడదు, రెండోది బాణీలో ఇముడుతుంది కానీ మూలంలో లేని మాటలు తెచ్చుకుంటుంది. అరబిక్ చదవడం రాని డిజైనర్‌కు రెండూ ఒకేలా కనిపిస్తాయి కనుక పొట్టిగా ఉన్నదాన్నో, అందంగా కనిపించినదాన్నో ఎంచుకుంటాడు. ఈ ఎంపికను దేని మీద ఆధారపడి చేయాలో, ఇందుకోసమే అల్లిన రెండు పంక్తులను తీసుకుని చూద్దాం.

> వాన వస్తే నువ్వు వస్తావనీ
> వాకిటను దీపాన్ని పెట్టాను నే

ఇది ఖండగతి, అంటే దెబ్బకు ఐదు మాత్రలు. మొదటి పంక్తి "వానవస్ – తేనువ్వు – వస్తావ – నీ" అని విరుగుతుంది, చివరి గురువును గాయని సాగదీస్తుంది. దృశ్యంలో మబ్బు పట్టిన సాయంత్రం, ముగ్గు వేసిన వాకిలి, ప్రమిద పెడుతున్న స్త్రీ ఉన్నారనుకుందాం.

## ముందు తేల్చుకోవలసినవి

పాటల అనువాదం మీద విస్తృతంగా రాసిన న్యూజిలాండ్ పరిశోధకుడు పీటర్ లో, పాడే అనువాదాన్ని ఐదు అంశాల మీద తూచాలన్నారు. అవి నోటికి పాడే వీలు, అర్థం, భాష సహజత్వం, లయ, ప్రాస. ఒకదానికే పూర్తి మార్కులు వేసి మిగిలినవాటిని వదిలేయకుండా, అన్నింటిలో కలిపి ఎక్కువ మార్కులు వచ్చేలా సర్దుకోవాలన్నది ఆయన సూత్రం. అయితే ఆయన దృష్టి పాడబోయే పాట మీద ఉంది. పోస్టర్‌నూ వీడియో ఫ్రేమ్‌నూ చూసేవాడు పాడడు, చదువుతాడు. అందువల్ల ఈ ఐదింటికి ముందే మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటిది, ఆ అరబిక్ పంక్తిని ఎవరైనా నిజంగా పాడతారా అన్నది. రెండోది, పంక్తి పక్కన బొమ్మ ఉందా, ఉంటే అందులో ఏ వస్తువులు స్పష్టంగా కనిపిస్తున్నాయన్నది. మూడోది, చదవడానికి పాఠకుడికి ఎంత సమయం ఉందన్నది. పోస్టర్ ముందు మనిషి నిలబడి చదువుకోగలడు, వీడియోలో మాత్రం పంక్తి నాలుగైదు సెకన్లలో మాయమవుతుంది. నా లెక్కలో మొదటి ప్రశ్నకు "లేదు" అన్నది జవాబైతే పాడదగిన రూపం పట్ల మోజును అక్కడికక్కడే వదులుకోవచ్చు. లయ కోసం చేసిన త్యాగమంతా వినిపించని చోట వృథా అవుతుంది, దాని నష్టాలు మాత్రం కంటికి కనబడుతూనే ఉంటాయి.

## మాటకు మాట

పై పంక్తులకు కచ్చితమైన అరబిక్ ఇలా ఉంటుంది (అరబిక్‌లో గొంతు నుంచి పలికే విరుపులను ఇక్కడ ' గుర్తుతో చూపుతున్నాను):

> జన్నన్ మిన్నీ అన్నక సత'తీ ఇన్ జా'అల్ మతర్,
> వద'తు మిస్బాహన్ అలా అతబతిద్దార్

"వాన వస్తే నువ్వు వస్తావన్న నా అంచనాతో, ఇంటి గడప మీద దీపం పెట్టాను" అని దీని అర్థం. వ్యాకరణం ప్రకారం తప్పు లేదు, అంత మాత్రాన చదవాలనిపించదు. తెలుగులో "అనీ" అన్న చిన్న ముక్క మోసిన ఆశను ఇక్కడ "జన్నన్ మిన్నీ" మోస్తున్నది, ఆ పదబంధానికి దరఖాస్తుల వాసన ఉంది. "మిస్బాహ్" అన్నది కూడా అన్ని రకాల దీపాలకూ చెల్లే మాట, కరెంటు దీపమైనా మిస్బాహే. బొమ్మలో ప్రమిద ఉన్నప్పుడు ఆ మాట అర్థాన్ని చెడగొట్టదు కానీ రంగును తగ్గిస్తుంది.

ఈ రూపం వల్ల మేలు పొందేవారు ఇద్దరే. ఒకరు భాష నేర్చుకునేవారు, మరొకరు పాడదగిన రూపం రాయబోతున్న అరబిక్ కవి. తెలుగు రాని కవికి మూలంలో ఏముందో మాటకు మాట రాసి ఇవ్వడం తప్పనిసరి. ఆ పని అయ్యాక ఈ పాఠం ఫైల్లో ఉండాలి, పోస్టర్ మీదికి రాకూడదు.

మాటకు మాట అనువాదంలో ఇంకో ప్రమాదం ఉంది. "నువ్వే నా దేవత" వంటి పంక్తి తెలుగులో మామూలు ప్రేమ మాట. దాన్ని యథాతథంగా "అంతి ఇలాహతీ" అని గల్ఫ్ నగరంలో గోడ మీద అంటిస్తే, ఏకేశ్వర విశ్వాసం ఉన్న పాఠకుడికి అది దైవదూషణలా తగులుతుంది. అర్థం నిలిచిందనుకుంటాం, నిజానికి మారిపోయింది. అక్కడ "మలికతీ", అంటే "నా రాణి", మూలానికి దగ్గర.

## చదవదగిన భావానువాదం

రెండు కొసల మధ్య చాలామంది అడగడం మరిచిపోయే మూడో రూపం ఇది. బాణీని పట్టించుకోదు. బొమ్మనూ, పంక్తుల వరుసనూ, అరబిక్ సహజత్వాన్నీ పట్టించుకుంటుంది.

> కుల్తు ఇన్నక త'తీ మఅల్ మతర్
> ఫవద'తు కిందీలన్ అలల్ అతబ

"నువ్వు వానతో వస్తావనుకున్నాను, అందుకని గడప మీద దీపం పెట్టాను." "కుల్తు" అంటే అక్షరాలా "అన్నాను". మనసులో అనుకోవడానికీ అరబ్బులు ఆ మాటే వాడతారు కనుక తెలుగు "అనీ"కి ఇది చక్కగా అతుకుతుంది. "కిందీల్" అంటే నూనె దీపం గుర్తుకొస్తుంది.

ఇందులో "ఇన్నక" అన్న మాట ఎందుకు ఉందో డిజైనర్ తెలుసుకోవాలి, ఎందుకంటే చోటు చాలనప్పుడు మొదట కోత పడేది దాని మీదే. "త'తీ" అన్న క్రియకు పురుషుణ్ణి ఉద్దేశించి "నువ్వు వస్తావు" అనీ, "ఆమె వస్తుంది" అనీ రెండర్థాలున్నాయి, రాతలో ఆ రెండింటికీ తేడా లేదు. "ఇన్నక" తీసేసి "కుల్తు త'తీ మఅల్ మతర్" అని పొట్టిగా రాస్తే, దీపం పెడుతున్న స్త్రీ బొమ్మ పక్కన "ఆమె వానతో వస్తుందనుకున్నాను" అని చదవడానికి దారి ఏర్పడుతుంది. అప్పుడు పాఠకుడు ఆ మాటలను బొమ్మలో కనిపించని మగవాడివిగా భావిస్తాడు. తెలుగు "నువ్వు"కు లింగం లేదు కనుక ఈ తేడా మన చెవికి తట్టదు. ప్రియుణ్ణి కాక ప్రియురాలిని పిలిచే పంక్తి అయితే క్రియ "త'తీన" అవుతుంది. అయితే అరబిక్ ప్రేమ కవిత్వంలోనూ పాటల్లోనూ స్త్రీని సైతం పుంలింగంలో సంబోధించే పాత ఆచారం ఉంది కాబట్టి పుంలింగ రూపం కనబడగానే తప్పని కొట్టేయకూడదు. ఆ ఆచారాన్ని పాటిస్తున్నారా లేదా అన్నది మాత్రం అనువాదకుణ్ణి ముందే అడగాలి.

వీడియోకు మరో నియమం వర్తిస్తుంది. తెలుగులో కారణం ముందు వచ్చి క్రియ చివరికి చేరుతుంది. అరబిక్‌లో "దీపం పెట్టాను, ఎందుకంటే నువ్వు వస్తావని" అన్న క్రమం ఎక్కువ సహజం. పోస్టర్ మీద పంక్తుల్ని అలా తిప్పుకోవచ్చు. వీడియోలో తిప్పితే గాయని వాన గురించి పాడుతుండగా తెర మీద దీపం కనిపిస్తుంది, దీపం వచ్చే దృశ్యానికి వాన మాట వస్తుంది. పై రూపం మూలం వరుసనే నిలిపింది, అందుకే "ఫ", అంటే "అందుకని" అన్న చిన్న ముడి అవసరమైంది.

పొడవు విషయంలో భయం లేదు. ఉపశీర్షికల పనిలో సాధారణంగా వరుసకు దాదాపు 42 అక్షరాలు, తెర మీద ఒకేసారి రెండు వరుసలు అన్న కొలత పాటిస్తారు. అరబిక్‌లో హ్రస్వ అచ్చుల్ని రాయరు కనుక ఈ రెండు వరుసలూ ఖాళీలతో కలిపి ఇరవై పైచిలుకు అక్షరాలకు మించవు. మాటకు మాట రూపంలో మొదటి వరుస ముప్పై దాకా పోతుంది. అదీ హద్దులోనే ఉంటుంది కానీ, పాట నడుస్తుండగా కన్ను వెనకబడుతుంది.

## పాడదగిన రూపం

ఇక్కడ తెలుగువారికి ఒక అనుకూలత ఉంది. అరబిక్ ఛందస్సు కూడా మనదానిలాగే గురులఘువుల మీద నడుస్తుంది. హల్లుకు హ్రస్వం చేరితే లఘువు. దీర్ఘం చేరినా, వెనక పొల్లు నిలిచినా గురువు. 8వ శతాబ్దంలో బస్రాకు చెందిన అల్ ఖలీల్ ఈ శాస్త్రాన్ని క్రమబద్ధం చేసి 15 వృత్తాలను గుర్తించారని, 16వ దాన్ని అల్ అఖ్ఫష్ చేర్చారని సంప్రదాయం చెబుతుంది. ఆ 16వ వృత్తం పేరు ముతదారిక్. దాని ప్రమాణ గణం "ఫాఇలున్", అంటే గురువు, లఘువు, గురువు. మన లెక్కలో అది ర గణం. పంక్తికి నాలుగు ర గణాలు వచ్చే స్రగ్విణికి ఇది అచ్చంగా సరిపోతుంది. ర గణానికి ఐదు మాత్రలు కాబట్టి మన ఖండగతి పాటకు ముతదారిక్ వెతక్కుండానే దొరికినట్టు:

> ఇన్ అతా గైథునా జుర్త దారీ
> ఇంద బాబీ సిరాజున్‌తిజారీ

మొదటి పంక్తిని "ఇన్ అతా – గైథునా – జుర్త దా – రీ" అని, రెండోదాన్ని "ఇంద బా – బీ సిరా – జున్ తిజా – రీ" అని విడగొట్టి తాళం వేసి చూడండి. మూడు దెబ్బలకు మూడు ర గణాలు పడి, నాలుగో దెబ్బ మీద దీర్ఘం నిలుస్తుంది. తెలుగులో సాగదీసిన "నీ"కి ఇక్కడ "రీ" దొరికింది కనుక గాయని నోరు ఒకే ఆకారంలో ఉంటుంది. మూలంలో గట్టిగా లేని అంత్యప్రాస కూడా వచ్చి చేరింది. చదవదగిన రూపాన్ని ఇదే బాణీలో పాడబోతే రెండో దెబ్బకే మాత్ర తగ్గి తాళం తప్పుతుంది, పంక్తి చివర "మతర్" అన్న మాటలో సాగదీయడానికి దీర్ఘం లేక పొల్లు మీద గొంతు ఆగిపోతుంది.

పూర్తిగా అతికిందనీ అనలేం. తెలుగు రెండో, మూడో దెబ్బల్లో లఘువు చివర ఉంది, అరబిక్‌లో మధ్యకు వచ్చింది. "వాకిటను" నాలుగు అక్షరాలు, "ఇంద బా" మూడే. కాబట్టి స్వరాల్ని అక్కడక్కడ కలిపి పాడాలి. సంగీత దర్శకుడు ఒప్పుకుంటే అది పెద్ద మార్పు కాదు.

అర్థం మాత్రం ఎంత కదిలిందో చూడాలి. "మా వాన వస్తే నా ఇంటికి వస్తావు, నా తలుపు దగ్గర నా ఎదురుచూపుల దీపం." గైథ్ అంటే ఉత్త వాన కాదు, కరువు తీర్చే వాన. ఇల్లు, ఎదురుచూపు కొత్తగా చేరాయి. హైదరాబాదు పాఠకులకు "ఇంతిజార్" ఉర్దూ దారిన తెలిసిన మాటే. "పెట్టాను" అన్న పని పోయింది, దీపం తానై అక్కడ ఉన్నట్టయింది. "అనీ" పోవడంతో ఆశ కాస్తా నమ్మకంగా మారింది. పాటగా వింటే ఇవేవీ లోపాలు కావు. బొమ్మ పక్కన పెడితే మాత్రం చిక్కు వస్తుంది, ఎందుకంటే ఫ్రేమ్‌లో వంగి ప్రమిద పెడుతున్న చేయి ఉంది, పంక్తిలో ఆ చేయి లేదు, వాకిలి బదులు తలుపు ఉంది. అరబ్ ప్రేక్షకుడికి తెలుగు రాదు కాబట్టి మూలంతో పోల్చలేడు, బొమ్మతో మాత్రం తప్పక పోలుస్తాడు.

ఒక విషయంలో ఇది చదవదగిన రూపానికి తలకిందులు. "జుర్త" (నువ్వు వచ్చావు, పురుషుడితో), "జుర్తి" (స్త్రీతో) అచ్చు గుర్తులు లేని రాతలో ఒకేలా ఉంటాయి. కాగితం మీద ఎవరినైనా పిలిచినట్టే ఉంటుంది, గాయనికి మాత్రం ఏదో ఒకటి తేల్చి చెప్పాలి. రెండూ లఘువులే కనుక తాళం చెడదు. పాడేవారికిచ్చే ప్రతిలో అచ్చు గుర్తులన్నీ వేయాలి. "సిరాజు" తరువాతి మాటలోని మొదటి అచ్చు మాయమై "జున్" అని కలిసిపోతుందన్నది కూడా అక్కడ చూపాలి, లేకపోతే కొత్త గాయని రెండు మాటల్నీ విడదీసి పాడి ఒక అక్షరం పెంచుతుంది.

పాడే రూపానికి ప్రామాణిక అరబిక్ వాడాలా, మాండలికమా అన్నది వేరే బేరం. డిస్నీ చిత్రాల అరబిక్ డబ్బింగ్ చాలాకాలం ఈజిప్టు మాండలికంలో సాగింది. 2013 నాటి ఫ్రోజెన్‌కు ప్రామాణిక భాష వాడినప్పుడు పాటలు బరువెక్కాయన్న విమర్శ వచ్చింది. రాతలో ప్రామాణిక భాష అన్ని దేశాలవారికీ నప్పుతుంది, పాటలో మాండలికం నోటికి దగ్గరగా ఉంటుంది. మాండలికంలో పదాంత అచ్చులు రాలిపోతాయి కనుక పైన చూపిన గురులఘువుల లెక్క మొత్తం మళ్లీ వేయాలి. దాన్ని "కొద్దిగా మార్చడం" అనుకుని అనువాదకుడి రుసుము తగ్గించమని అడగడం న్యాయం కాదు.

## ఎవరికి ఏది

| అవసరం | మాటకు మాట | చదవదగినది | పాడదగినది |
|---|---|---|---|
| బొమ్మ ఉన్న పోస్టర్ | వద్దు | ఇదే | బొమ్మతో సరిపోతేనే |
| తెలుగు గొంతుతో లిరికల్ వీడియో | వద్దు | ఇదే, మూలం వరుసలో | వద్దు |
| అరబిక్ గొంతుతో రికార్డింగ్ | కవికి ఇవ్వడానికి | కార్యక్రమ పత్రంలో | ఇదే |
| భాష నేర్చుకునేవారు | ఇదే | తోడుగా | వద్దు |

పట్టికలో ఇమడని సందర్భం ఒకటుంది. వేదిక మీద మొదటి చరణం తెలుగులో, రెండోసారి అరబ్ గాయని నోట అరబిక్‌లో వస్తుందనుకుందాం. అప్పుడు వెనక తెర మీద మొదటిసారి చదవదగిన రూపాన్ని, రెండోసారి ఆమె పాడుతున్న పాఠాన్నే చూపాలి. పాడుతున్నది ఒకటి, తెర మీద మరొకటి అయితే అరబ్ ప్రేక్షకుడు రెండు క్షణాల్లో పట్టేస్తాడు, పొరపాటున వేరే పాట పెట్టారనుకుంటాడు. పోస్టర్‌కు పాడదగిన పంక్తినే వాడాలని నిర్వాహకులు పట్టుబడితే బొమ్మను మార్చడం తేలిక. ఇక్కడ చేయి కనిపించకుండా, తలుపు పక్కన వెలుగుతున్న దీపాన్ని మాత్రమే చూపే ఫ్రేమ్ ఎంచుకుంటే ఫిర్యాదుకు చోటుండదు.

తెలుగు ఉచ్చారణనే అరబిక్ లిపిలో రాయమనేవారూ ఉంటారు. ప్రామాణిక అరబిక్ లిపిలో ప, చ, ట, డ, ళలకు అక్షరాలు లేవు, ఎకార ఒకారాలకు గుర్తులు లేవు. "పెట్టాను" అన్నది "బిత్తాను"కు దగ్గరగా తేలుతుంది. పాట పేరుకు తప్ప మరి దేనికీ దీన్ని నేను సలహా ఇవ్వను.

## ఫ్రేమ్ మీద ఎక్కించేటప్పుడు

ఏ రూపాన్ని ఎంచుకున్నా అరబిక్ అక్షరాలు ఒకదానితో ఒకటి కలిసి ఉండాలి, కుడి నుంచి ఎడమకు నడవాలి. కుడి నుంచి ఎడమకు రాసే లిపులకు ఉద్దేశించిన అమరికను డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో ఎంచుకోకపోతే అక్షరాలు విడివిడిగా, తలకిందుల వరుసలో వస్తాయి. భాష రానివారు సైతం దీన్ని పట్టుకోవచ్చు. అనువాదకుడు పంపిన పీడీఎఫ్‌ను పక్కన పెట్టుకుని మాటల ఆకారాల్ని పోల్చండి. అక్కడ ఒకే గీతగా సాగిన మాట మీ ఫ్రేమ్‌లో ముక్కలై కనిపిస్తే పాఠం చెడినట్టే. ఎప్పుడూ విడిగా నిలిచే అక్షరాలు కొన్ని ఉంటాయి కనుక ఆకారాల మీద ఊహ పనికిరాదు, పోల్చి చూడాల్సిందే. అక్షరాల మధ్య దూరాన్ని సున్నాకు మార్చండి, తెలుగుకు పెట్టిన దూరం ఇక్కడ కలయికను తెంచుతుంది.

పాడదగిన రూపానికి కరయోకే రంగు నింపేటప్పుడు రంగు కుడి నుంచి కదలాలి, మాటను మధ్యలో కోయకుండా పూర్తి మాటకు ఒకేసారి రంగు వేయడం క్షేమం. అక్షరం అక్షరంగా టైపయ్యే ఎఫెక్ట్ అసలే వద్దు, ప్రతి కొత్త అక్షరానికీ దాని ముందున్నది రూపం మార్చుకుని తెర వణికినట్టు కనిపిస్తుంది. ఉపశీర్షిక ఫైల్లో వాక్యాంత చుక్క ఎగిరి కుడి కొసన పడితే, చుక్క తరువాత U+200F అన్న కనబడని గుర్తును చేర్చితే సాధారణంగా సర్దుకుంటుంది. తెలుగు పంక్తి పైన, అరబిక్ కింద ఉన్నప్పుడు మన ఒత్తులు కిందికి దిగుతాయి, అరబిక్ అచ్చు గుర్తులు పైకి లేస్తాయి. కాబట్టి వరుసల మధ్య మామూలు కంటే ఎక్కువ ఖాళీ వదలాలి.

చివరి పరీక్షకు తెలుగు రాని అరబిక్ పాఠకుడు కావాలి. ఆయనకు బొమ్మ లేకుండా పంక్తి మాత్రమే చూపి, ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో, ఏ వస్తువులు కళ్ల ముందు మెదిలాయో చెప్పమనండి. ఆ తరువాత బొమ్మ చూపండి. "మరి ఈమె ఎవరు?" అన్న ప్రశ్న ఆయన నోట వస్తే ఎక్కడో ఒక "ఇన్నక" తప్పిపోయిందని అర్థం.

పాట మీది కాకపోతే అనుమతి విషయం అనువాదకుణ్ణి పిలవకముందే చూసుకోవాలి. భారత కాపీరైట్ చట్టం, 1957 లోని 14వ సెక్షన్ ప్రకారం సాహిత్యాన్ని అనువదించే హక్కు, దాన్ని మార్చి వాడుకునే హక్కు కూడా హక్కుదారుకే చెందుతాయి. చదవదగిన రూపానికి అడిగే అనుమతి లేఖలో, రేపు ఎవరైనా అదే బాణీలో అరబిక్‌లో పాడే అవకాశం ఉంటే ఆ సంగతి కూడా విడిగా రాయించుకోండి, ఎందుకంటే అప్పుడు సాహిత్యంతో పాటు బాణీ హక్కుదారు సంతకం కూడా కావలసి రావచ్చు.